చీకట్లో వెలిగే ముళ్లు

రాత్రి పదింటికి గదిలో లైటు ఆర్పగానే చేతి గడియారంలో ముళ్లు, గంటల గుర్తులు ఆకుపచ్చగా వెలుగుతాయి. పావుగంట గడిచేసరికి ఆ వెలుగు చాలావరకు తగ్గిపోతుంది. కొత్తగా వాచీ కొన్నవాళ్లకు అక్కడే అనుమానం మొదలవుతుంది. ఇంత తొందరగా తగ్గేది తెల్లవారేదాకా ఏం నిలుస్తుంది అని. కానీ తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చి మణికట్టు వైపు చూస్తే టైము తెలుస్తూనే ఉంటుంది. వెలుగు పలచబడుతుంది గాని ముల్లు ఎక్కడుందో పోల్చుకోవచ్చు.

అదే ఇంట్లో బీరువా అడుగున తాతగారి కాలం నాటి వాచీ ఉందనుకోండి. దాని ముళ్ల మీద గోధుమరంగుకు తిరిగిన పూత ఉంటుంది. దాన్ని రోజంతా ఎండలో పెట్టినా రాత్రికి పనికొచ్చేంత వెలుగు ఇవ్వదు. ఒకప్పుడు మాత్రం అది ఎండతో, దీపంతో పనిలేకుండా రాత్రంతా ఒకే తీరుగా వెలిగింది.

రెండు వాచీల్లోనూ వెలుగు తగ్గింది, కారణాలు మాత్రం వేరు. వెలిగే పూత ఏదైనా అందులో చూడాల్సినవి రెండు. శక్తి ఎక్కడి నుంచి వస్తోంది? ఆ శక్తిని వెలుగుగా మార్చే పదార్థం ఏది? వెలుగు తగ్గినప్పుడు ఈ రెండింటిలో ఏది అయిపోయిందో తెలిస్తే ఆ వాచీ మళ్లీ వెలుగుతుందో లేదో చెప్పొచ్చు, దాన్ని ధైర్యంగా విప్పవచ్చో లేదో కూడా చెప్పొచ్చు.

ముందు ఇప్పటి వాచీ సంగతి చూద్దాం. నేడు దుకాణాల్లో దొరికే వెలిగే వాచీల్లో ఎక్కువవాటి మీద ఉండేది స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పదార్థం. చూడటానికి లేత పసుపు, ఆకుపచ్చ కలిసిన పొడిలా ఉంటుంది. పారదర్శకమైన వార్నిష్‌లో ఈ పొడిని కలిపి ముళ్ల మీద, అంకెల మీద పూస్తారు. స్ట్రాన్షియం పేరు వినగానే అణుబాంబు బూడిదలో ఉండే రేడియోధార్మిక స్ట్రాన్షియం గుర్తొచ్చి కొందరు భయపడతారు. ఇది అది కాదు. ఇది మామూలు స్ట్రాన్షియం, దీనిలో రేడియోధార్మికత లేదు. జపాన్‌కు చెందిన నెమోటో కంపెనీ 1993లో ఈ పదార్థాన్ని లూమినోవా పేరుతో బయటికి తెచ్చింది. స్విట్జర్లాండ్ వాచీల మీద సూపర్ లూమినోవాగా కనిపించేదీ ఈ కుటుంబంలోదే. సీకో కంపెనీ తన వాచీలకు వాడే ఇలాంటి పూతను లూమిబ్రైట్ అంటుంది.

ఒట్టి స్ట్రాన్షియం అల్యూమినేట్ అయితే ఇలా వెలగదు. తయారుచేసేటప్పుడు అందులో అతి కొద్దిగా యూరోపియం, డిస్ప్రోసియం అనే రెండు అరుదైన మూలకాలు కలిపి, బాగా ఎక్కువ వేడి మీద కాలుస్తారు. వెలుగు ఇచ్చేది యూరోపియం. దాని మీద పగటి వెలుతురు పడినప్పుడు అందులోని ఎలక్ట్రాన్ శక్తి పుంజుకుని పైకి లేస్తుంది. మామూలుగా అయితే అది వెంటనే కిందికి దిగి, తీసుకున్న శక్తిని వెలుగుగా వదిలేయాలి. అలా జరిగితే లైటు ఆర్పిన మరుక్షణమే వాచీ కూడా ఆరిపోతుంది. ఇక్కడే డిస్ప్రోసియం అవసరం పడుతుంది. దాన్ని కలిపినందువల్ల స్ఫటికంలో ఎలక్ట్రాన్లు చిక్కుకుపోయే చోట్లు ఎక్కువగా ఏర్పడతాయి. పైకి లేచిన ఎలక్ట్రాన్లలో కొన్ని ఆ చోట్లలో పడి ఆగిపోతాయి. వాటంతట అవి బయటికి రాలేవు. గది వేడికి స్ఫటికంలోని అణువులు ఎప్పుడూ సన్నగా కంపిస్తూ ఉంటాయి కదా, ఆ కదలిక ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను బయటికి తోస్తుంది. అలా బయటపడిన ఎలక్ట్రాన్ తిరిగి యూరోపియం దగ్గరికి చేరి, అప్పుడు వెలుగునిస్తుంది. రాత్రి మనం చూసే వెలుగు పగలు పడిన వెలుతురే. ఆలస్యంగా బయటికొస్తోంది, అంతే.

ఎలక్ట్రాన్లు చిక్కుకున్న చోట్లన్నీ ఒకే లోతున ఉండవు. వాన వెలిశాక రోడ్డు మీద గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. లోతు లేని గుంటలు గంటలో ఆరిపోతాయి, లోతైన గుంటల్లో మాత్రం మర్నాటికీ నీళ్లుంటాయి. ఇక్కడా అంతే. లోతు తక్కువ ఉన్న చోట్ల నుంచి ఎలక్ట్రాన్లు మొదటి నిమిషాల్లోనే గుంపుగా బయటపడతాయి. అందుకే లైటు ఆర్పగానే అంత వెలుగు. లోతైన చోట్ల చిక్కినవి రాత్రంతా ఒక్కటొక్కటిగా వస్తుంటాయి. అందుకే ఆ తర్వాత వెలుగు కొంచెమే ఉన్నా ఎక్కువసేపు ఉంటుంది.

దీన్ని లెక్కలో చూస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. ఇలాంటి పూతల్లో వెలుగు, ఉజ్జాయింపుగా, గడిచిన సమయానికి విలోమంగా తగ్గుతుంది. సమయం రెట్టింపైతే వెలుగు సగమవుతుంది, సమయం పదింతలైతే వెలుగు పదో వంతవుతుంది. పదింటికి లైటు ఆర్పామనుకుందాం. పది గంటల పది నిమిషాలకు ఉన్న వెలుగును 100 అనుకుందాం. పది ఇరవైకల్లా అది 50కి వస్తుంది. అంటే పది నిమిషాల్లో సగం పోయింది. పదకొండు నలభైకి 10 మిగులుతుంది. ఈ వేగం చూస్తే అర్ధరాత్రి దాటాక ఏమీ ఉండదనిపిస్తుంది. కానీ ఉదయం ఆరు ఇరవైకి కూడా ఇంకా 2 ఉంటుంది. మొదటి గంటన్నరలో నూటికి తొంభై పోతే, ఆ తర్వాతి ఆరు గంటల నలభై నిమిషాల్లో పోయింది ఎనిమిదే. ప్రతి వాచీకీ ఈ అంకెలు సరిగ్గా ఇలాగే రావు గాని, తగ్గే తీరు మాత్రం ఇదే.

ఆ మిగిలిన రెండు పాళ్లు మనకు కనబడటానికి కారణం వాచీలో లేదు, మన కంట్లో ఉంది. వెలుతురులోంచి చీకట్లోకి వెళ్లిన కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు తీసుకుంటుంది. ఆ సమయంలో దాని సున్నితత్వం వేల రెట్లు పెరుగుతుంది. నిద్రలో గంటల తరబడి చీకటికి అలవాటైన కంటికి ఆ కాస్త వెలుగు చాలు. మధ్యలో లేచి బాత్రూం లైటు వేసుకుని వచ్చి చూడండి, వాచీ చచ్చిపోయినట్టే ఉంటుంది. నిజానికి వాచీ అలాగే ఉంది, కంటి సున్నితత్వమే కాసేపు పోయింది. ఇంకో సంగతి. చీకట్లో చూసే కణాలు కంటిపాప వెనుక తెర నడిమధ్యలో ఉండవు, దాని చుట్టూ ఉంటాయి. అందుకే మసకగా వెలిగే డయల్‌ను సూటిగా చూడకుండా చూపును కొంచెం పక్కకు తిప్పితే ముళ్లు బాగా తెలుస్తాయి. ఆ కణాలు నీలం, ఆకుపచ్చల మధ్య రంగుకు ఎక్కువగా స్పందిస్తాయి. స్ట్రాన్షియం అల్యూమినేట్ ఇచ్చే వెలుగు సరిగ్గా ఆ దగ్గర్లోదే. ఎర్రగానో నారింజ రంగులోనో వెలిగే పూతలు కూడా చేస్తారు గాని, వాటిని తెల్లవారేదాకా నమ్ముకోవడం కష్టం.

ఒకే రకం పూత ఉన్నా ఒక వాచీ బాగా వెలగడానికి, ఇంకోటి వెలవెలబోవడానికి ప్రధాన కారణం మందం. సన్నటి ముల్లు మీద పలచని గీతలా పూస్తే అందులో పట్టే పొడి ఎంత? నీళ్లలో దిగేవాళ్ల కోసం చేసే వాచీల్లో ముళ్లు వెడల్పుగా, గుర్తులు లావుగా ఉండటం అందం కోసం కాదు. అలాగని ఎంతైనా మందంగా పూయలేరు. ఒక హద్దు దాటితే అడుగున ఉన్న పొడికి వెలుతురు అందదు, అందినా అది ఇచ్చే వెలుగు పైకి రాదు. అందుకే మంచి తయారీదారులు కింద తెల్లటి పూత ఒకటి వేసి, దాని మీద ఇది పూస్తారు. కిందికి పోయే వెలుతురును ఆ తెలుపు వెనక్కి తిప్పి కొడుతుంది. పాత వాచీలా కనబడాలని పూతలో గోధుమరంగు కలిపే ఫ్యాషన్ ఈమధ్య ఎక్కువైంది. ఆ రంగు రెండువైపులా వెలుతురును మింగుతుంది. రాత్రి టైము చూసుకోవడమే ముఖ్యమైతే అది కొనకపోవడమే మేలు.

ఏ వెలుతురు పట్టించామన్నదీ లెక్కలోకి వస్తుంది. ఈ పదార్థానికి కావలసింది అతినీలలోహితం, ఊదా, నీలం వైపు కిరణాలు. ఎండలో అవి పుష్కలం. తెల్లటి ఎల్‌ఈడీ బల్బులోనూ నీలం పాలు బాగానే ఉంటుంది. పాతకాలం పసుపుపచ్చ బల్బు కింద గంటసేపు పెట్టినా అంతగా ఎక్కదు. ఎర్ర లైటుతో అయితే దాదాపు ఏమీ ఎక్కదు. దగ్గరగా పట్టిన ఎల్‌ఈడీ టార్చి కింద కొద్ది నిమిషాలు, మామూలు గది వెలుతురులో అంతకంటే బాగా ఎక్కువసేపు పడుతుంది. చిక్కుకునే చోట్లన్నీ ఒకసారి నిండాక ఇంకెంతసేపు పెట్టినా అదనంగా నిలిచేది ఉండదు. పొడుగు చేతుల చొక్కా కింద సాయంత్రమంతా దాగిన వాచీ రాత్రి వెలగకపోతే అది వాచీ లోపం కాదు, దానికి వెలుతురే అందలేదు.

వేడి సంగతి ఇంట్లోనే చూడొచ్చు. పిల్లల గదిలో గోడకు అంటించే వెలిగే నక్షత్రాలు రెండు తీసుకుని, ఒకే లైటు కింద ఒకేసేపు ఉంచండి. చీకట్లో ఒకటి ప్లాస్టిక్ కవరులో వేసి ఐసు ముక్కల మధ్య పెట్టండి, రెండోది అరచేతిలో పట్టుకోండి. చేతిలోది ఎక్కువ వెలుగుతూ తొందరగా తగ్గుతుంది. ఐసులోది మసకబారుతుంది. పది, పదిహేను నిమిషాల తర్వాత ఐసులోదాన్ని తీసి చేతి వేడి తగలనివ్వండి, మళ్లీ పుంజుకుని వెలుగుతుంది. చలికి ఎలక్ట్రాన్లు చిక్కిన చోటే ఉండిపోయాయి, వేడి తగలగానే బయటికి వచ్చాయి. ఈ పరీక్ష వాచీతో చేయకండి. చల్లబడిన వాచీ లోపల తేమ చేరవచ్చు.

తేమను గురించి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. స్ట్రాన్షియం అల్యూమినేట్ ఎన్నిసార్లు వెలుతురు పట్టి వెలిగినా దానివల్ల అరిగిపోదు. ఎలక్ట్రాన్ బయటికి వెళ్లి తన చోటికి తిరిగొస్తుంది, ఏదీ ఖర్చు కాదు. దాన్ని నిజంగా చంపేది నీరు. నీరు తగిలితే ఆ స్ఫటికం రసాయనికంగా విచ్చిపోయి, వెలగని హైడ్రాక్సైడ్లుగా మారుతుంది. పొడి రేణువులకు రక్షణ పూత వేస్తారు, వార్నిష్ కొంత అడ్డుకుంటుంది, అయినా ఏళ్ల తరబడి తేమలో ఉంటే నిలవవు. విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉండేవాళ్లు వాచీ అద్దం లోపల ఆవిరి కనబడితే తేలిగ్గా తీసుకోకూడదు. వెనుక మూత కింద రబ్బరు వాషరు పాడై ఉండొచ్చు. ఒక గుర్తు బాగా వెలుగుతూ పక్క గుర్తు మసకబారితే తేమ తగిలిందని అనుమానించాలి, లేదా పూత రాలిందో చూడాలి. ఆ వెలుగు ఇక వెలుతురు పట్టించినా తిరిగి రాదు. మళ్లీ పూయించుకోవాల్సిందే.

ఇక తాతగారి వాచీ దగ్గరికి వద్దాం. 1960ల వరకు వాచీల మీద పూసినది రేడియం కలిపిన జింక్ సల్ఫైడ్. జింక్ సల్ఫైడ్ కూడా వెలుతురు పట్టి వెలుగుతుంది గాని ఎక్కువసేపు నిలవదు. ఆ లోటు తీర్చడానికి అందులో అతి కొద్దిగా రేడియం కలిపేవారు. రేడియం నుంచి నిరంతరం ఆల్ఫా కణాలు వస్తూ ఉంటాయి. అవి తాకిన ప్రతిసారీ జింక్ సల్ఫైడ్ చిన్న మెరుపునిస్తుంది. ఆ మెరుపులన్నీ కలిసి పగలూ రాత్రీ ఆగని వెలుగు. బయటి వెలుతురు అక్కర్లేదు.

ఆ వెలుగు కోసం కొందరు ప్రాణాలు పెట్టారు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ పట్టణంలో, మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి, ఒక రేడియం కర్మాగారంలో యువతులు గడియారం డయళ్లకు ఈ పూత వేసేవారు. సన్నని అంకెలు దిద్దాలంటే కుంచె మొన సూదిగా ఉండాలి. దాన్ని పెదవుల మధ్య పెట్టి మొన తీయమని వాళ్లకు నేర్పారు. ప్రతి మొనతోనూ కాస్త రేడియం లోపలికి వెళ్లింది. శరీరం రేడియాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. పళ్లు ఊడాయి, దవడ ఎముకలు కుళ్లాయి, రక్తహీనత వచ్చింది. గ్రేస్ ఫ్రయర్ అనే ఆమె, మరో నలుగురు కలిసి వేసిన దావా 1928లో కోర్టు బయట పరిష్కారమైంది. అప్పటికే వాళ్ల ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. పూత సంగతి చెప్పేటప్పుడు వీళ్లను వదిలేసి ముందుకు వెళ్లడం నాకు న్యాయం అనిపించదు. పనివాళ్లకు జబ్బు తెచ్చిన యాజమాన్యాన్ని కోర్టుకు ఈడ్చవచ్చని చూపిన తొలి పోరాటాల్లో వాళ్లదొకటి.

మరి ఆ పాత డయల్ ఎందుకు ఆరిపోయింది? చాలామంది రేడియం అయిపోయిందనుకుంటారు. అదే ప్రమాదకరమైన పొరపాటు. రేడియం అర్ధాయువు సుమారు 1,600 ఏళ్లు, అంటే అది సగానికి తగ్గడానికి అంతకాలం పడుతుంది. 75 ఏళ్ల కిందట పూసిన రేడియంలో నేటికి నూటికి 97 పాళ్లు అలాగే ఉంటుంది. అయిపోయింది జింక్ సల్ఫైడ్. ఆల్ఫా కణాలు గుద్దుకుని గుద్దుకుని దాని స్ఫటికం లోపల చెదిరిపోయింది, ఇక వెలుగునివ్వలేదు. కణాలు మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. వెలగని రేడియం డయల్, వెలిగే రోజుల్లో ఎంత రేడియోధార్మికమో ఇప్పుడూ దాదాపు అంతే.

రేడియం తర్వాత వచ్చిన ట్రిటియంలో కథ తలకిందులు. ట్రిటియం హైడ్రోజన్‌లో ఒక రకం. దాని నుంచి వచ్చే బీటా కణాలు ఎంత బలహీనమంటే వాచీ అద్దాన్ని కూడా దాటలేవు. కానీ అర్ధాయువు 12.3 ఏళ్లే. 1975లో చేసిన వాచీలో 1987కి సగం ట్రిటియం మిగిలింది, 2000 నాటికి పావు వంతు, 2012కి ఎనిమిదో వంతు, 2024కి పదహారో వంతు. ఇక్కడ జింక్ సల్ఫైడ్ కొంత చెడింది, శక్తినిచ్చేదీ అయిపోయింది. డయల్ అడుగున ఆరు అంకె దగ్గర స్విస్ అనే మాటకు అటూ ఇటూ టి అక్షరం ఉంటే అది ట్రిటియం పూత. 1990ల చివరికి స్విస్ వాచీల మీద ఇది దాదాపు ఆగిపోయింది. ట్రిటియం వాయువును సన్నటి గాజు గొట్టాల్లో నింపి, లోపలి గోడకు వెలిగే పొడి పూసి, ఆ గొట్టాలను డయల్ మీద అమర్చే పద్ధతి మాత్రం నేటికీ ఉంది. స్విట్జర్లాండ్‌లో ఎంబీ మైక్రోటెక్ కంపెనీ వీటిని చేస్తుంది. ఇవి వెలుతురు పట్టించనక్కర లేకుండా రాత్రంతా ఒకేలా వెలుగుతాయి. మొదటి నిమిషంలో కొత్త సూపర్ లూమినోవాతో పోలిస్తే మసకే, తెల్లవారుజామున మాత్రం ఇవే మేలు. కొన్న పాతికేళ్లకు వెలుగు పావు వంతుకు చేరుతుంది, దాన్ని ఆపే దారి లేదు.

మీ దగ్గరున్న వాచీ ఏ రకమో తేల్చుకోవడానికి ఒక టార్చి, ఒక చీకటి గది ఉంటే చాలావరకు సరిపోతుంది. పావుగంట చీకట్లో కూర్చుని చూడండి. వెలుతురు పట్టించకుండానే గొట్టాల్లా ఉన్న గుర్తులు సమంగా వెలుగుతుంటే అది ట్రిటియం గొట్టం. తర్వాత రెండు నిమిషాలు టార్చి వేసి ఆర్పండి. గంట తర్వాత కూడా వెలుగుతుంటే స్ట్రాన్షియం అల్యూమినేట్. క్షణకాలం మెరిసి, కొద్దిసేపట్లోనే చల్లారిపోతే అది పాత జింక్ సల్ఫైడ్. అందులో కలిపింది రేడియమా, ట్రిటియమా అన్నది టార్చి చెప్పలేదు. డయల్ మీద టి గుర్తు లేకుండా 1960ల కన్నా పాతదైతే రేడియమే అనుకుని నడుచుకోవడం క్షేమం. ముళ్లు ఏళ్ల తరబడి ఒకేచోట ఆగిన వాచీలో, వాటి కింద డయల్ మీద కాలినట్టు గోధుమరంగు నీడ పడి ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. రూఢిగా తేల్చేది గైగర్ కౌంటర్ ఒక్కటే. ముళ్లు ఒక రంగులో, అంకెలు ఇంకో రంగులో వెలుగుతుంటే మధ్యలో ఎవరో ఒకదానికి కొత్త పూత వేశారని లెక్క. అలాంటి వాచీలో కొత్త వెలుగు చూసి పాత రేడియం లేదనుకోకూడదు.

మూసి ఉన్న వాచీలో ఆల్ఫా కణాలను అద్దమూ కేసూ ఆపేస్తాయి. ఎక్కువ ప్రమాదం దాన్ని విప్పినప్పుడే. ఎండి పెచ్చులూడిన పూత పొడిగా రాలి ఊపిరితో లోపలికి పోతుంది, గోళ్లలో చేరుతుంది. అందుకే పెద్దవాళ్ల గుర్తుగా దాచుకున్న పాత వాచీ మీ ఇంట్లో ఉంటే, దాని మూత మీరు తీయకండి, ముళ్ల మీది పూతను గీకకండి, పిల్లల చేతికి ఆటకు ఇవ్వకండి. రేడియం నుంచి రేడాన్ వాయువు కూడా వస్తుంది కాబట్టి అలాంటివి చాలా ఉంటే గాలి ఆడని పడకగదిలో కుప్పగా పెట్టకండి. రిపేరుకు ఇచ్చేటప్పుడు ఇందులో రేడియం పూత ఉండొచ్చని వాచీ మెకానిక్‌కు ముందే చెప్పండి. రోజంతా డయళ్ల మీదికి వంగి పనిచేసేది ఆయనే.